టీటీ సూది వేయించుకున్నా ధనుర్వాతం ఎందుకొచ్చింది: ఒక కేస్ స్టడీ

రోగి 56 ఏళ్ల రైతు. బరువు సుమారు 60 కిలోలు. షుగర్, బీపీ లేవు. పత్తి తీతలు అయిపోయాక చేలో నడుస్తుంటే, కోసేసిన పత్తి కట్టె మోడు ఒకటి చెప్పు అంచు పక్కనుంచి కుడి పాదం అడుగుభాగంలోకి దిగింది. ఆ చేనుకు అంతకుముందే పశువుల పెంట తోలి ఉంది. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాం, ఒకే తరహా కేసుల నుంచి కొన్ని అంశాలు కలిపాం. జబ్బు నడిచిన తీరు మాత్రం ధనుర్వాతంలో మామూలుగా కనిపించేదే.

గాయమైన మూడు గంటల్లోపే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాడు. ఆయన పైన కనిపించే మట్టిని స్పిరిట్ దూదితో తుడిచి, నెత్తురు ఆగడానికి రెండు కుట్లు వేసి, ఒక టీటీ సూది పొడిచి, ఐదు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చాడు. కుట్లు పడ్డాయి, సూది పడింది, మందులు వాడారు. ఇంట్లోవాళ్ల దృష్టిలో చేయాల్సినదంతా అయిపోయింది.

ఎనిమిదో రోజు సాయంత్రం అన్నం తింటుంటే దవడ పట్టేసినట్టు అనిపించింది. మర్నాడు నోరు సగమే తెరుచుకుంది. జ్ఞానదంతం నొప్పేమో అనుకుని పళ్ల డాక్టర్‌ దగ్గరికి వెళ్తే నొప్పి మాత్రలు ఇచ్చారు. పదో రోజు తెల్లవారుజామున మెడ వెనక్కి లాగేసింది. కాసేపటికి తలుపు గట్టిగా వేసిన చప్పుడుకు ఒళ్లంతా ఒక్కసారిగా బిగుసుకుంది. అప్పుడు ఆస్పత్రికి తెచ్చారు. మొదట అన్న మాట ఇదే: "సూది వేయించాం కదా సార్, ధనుర్వాతం ఎలా అవుతుంది?"

ఈ కేసులో తెలుసుకోవాల్సిందంతా ఆ ప్రశ్నకు జవాబులోనే ఉంది. ముందు రోగి సంగతి చూద్దాం.

వచ్చినప్పుడు ఏం కనిపించింది

మనిషి పూర్తి స్పృహలో ఉన్నాడు. అడిగిన ప్రతిదానికీ పళ్లు బిగబట్టే జవాబిస్తున్నాడు. నుదురు ముడతలు పడి, పెదాల చివరలు పక్కకి లాగేసి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని ముఖం. నోరు ఒక వేలు దూరేంత మాత్రమే తెరుచుకుంటోంది. పొట్ట చెక్కలా గట్టిగా ఉంది, కానీ నొక్కితే ఒకచోటని నొప్పి లేదు. వీపు, మెడ బిగుసుకుపోయాయి. చేతివేళ్లు మాత్రం మామూలుగానే ఆడిస్తున్నాడు. నాడి 112, బీపీ 150/90, జ్వరం స్వల్పం. గట్టిగా మాట్లాడినా, మీద చెయ్యి వేసినా పది పదిహేను సెకన్ల పాటు బిగింపు వస్తోంది.

స్పృహ ఉండటం చాలా ముఖ్యమైన గుర్తు. ఫిట్స్‌లో ఒళ్లంతా కొట్టుకునేటప్పుడు మనిషికి తెలివి ఉండదు. ధనుర్వాతంలో ప్రతి బిగింపూ తెలుస్తుంది, ప్రతి నొప్పీ తెలుస్తుంది. అందుకే మత్తుమందు ఇచ్చేది కండరాలు వదలడానికే కాదు, ఆ యాతన తప్పించడానికి కూడా.

నిర్ధారణకు రక్తపరీక్ష లేదు. గాయం నుంచి తీసిన పదార్థాన్ని కల్చర్‌కి పంపినా ఎక్కువ కేసుల్లో ఏమీ పెరగదు. పైగా జబ్బు లేనివాళ్ల గాయంలోనూ ఈ క్రిమి కనిపించవచ్చు. కాబట్టి రోగిని చూసే తేల్చుకోవాలి. మంచం పక్కనే చేసే పరీక్ష ఒకటుంది. నాలుక నొక్కే చెక్కపుల్లతో గొంతు వెనక గోడను తాకుతారు. మామూలు మనిషికి ఓకరింత వచ్చి పుల్లను బయటికి తోసేస్తాడు. ధనుర్వాతం ఉన్నవాడు అసంకల్పితంగా పుల్లను కొరికేస్తాడు. ఈయన పుల్లను కొరికేశాడు.

పొరబడే అవకాశాలు కొన్ని ఉన్నాయి. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లలో, హలోపెరిడాల్ లాంటి మందులు వాడేవాళ్లలో మెడ, దవడ మెలితిరిగినట్టు పట్టేస్తాయి. ప్రోమెథజీన్ ఇంజెక్షన్‌తో కాసేపట్లో వదిలేస్తే అది ధనుర్వాతం కాదు. ముష్టి గింజల విషంలోనూ ఇలాంటి బిగింపులే వస్తాయి, కానీ రెండు బిగింపుల మధ్య కండరాలు మెత్తబడతాయి. ధనుర్వాతంలో బిగింపు ఆగినా బిగువు పోదు. పంటి చీము వల్లా దవడ పట్టేస్తుంది, అయితే మెడ, పొట్ట గట్టిపడవు. దవడ పట్టిందని వచ్చినవాళ్ల పొట్ట మీద ఒకసారి చెయ్యి వేసి చూస్తే ఈ పొరపాటు చాలావరకు తప్పుతుంది.

తీవ్రతను అంచనా వేయడానికి రెండు కాలాలు లెక్కించాం. గాయం నుంచి మొదటి లక్షణం దాకా ఎనిమిది రోజులు. ఇది సాధారణంగా 3 నుంచి 21 రోజుల మధ్య ఉంటుంది, ఎంత తక్కువైతే జబ్బు అంత గట్టిది. దవడ పట్టినప్పటి నుంచి మొదటి ఒళ్లు బిగింపు దాకా సుమారు 36 గంటలు. ఈ రెండో లెక్క 48 గంటల లోపు ఉంటే ఊపిరి కండరాలు, గొంతు బిగుసుకునే రోజు దగ్గరలోనే ఉందని సిద్ధపడాలి. అందుకే నడిచి వచ్చిన మనిషిని వార్డులో కాకుండా నేరుగా ఐసీయూలో పడుకోబెట్టాం. ఇంట్లోవాళ్లకు అది అతిగా అనిపించింది. ఆ రాత్రి జరిగింది చూశాక అలా అనిపించలేదు.

విషం చేసే పని

క్లోస్ట్రిడియం టెటాని అనే క్రిమి మట్టిలో, పశువుల పేడలో బీజాల రూపంలో ఉంటుంది. ఆ బీజాలు ఎండకు చావవు, స్పిరిట్‌కి చావవు, నీళ్లు మరగబెట్టినా బతికి బయటపడగలవు. ఆటోక్లేవ్‌లో ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నిమిషాలు ఉంచితే చస్తాయి. అయితే బీజం ఒంట్లోకి దిగినంత మాత్రాన జబ్బు రాదు. అది మొలకెత్తాలంటే ప్రాణవాయువు అందని చోటు కావాలి. లోతైన సన్నని గాయం, చచ్చిన కండ, లోపల మిగిలిపోయిన పుల్లముక్క, చీము పట్టించే వేరే క్రిములు, వీటన్నిటిని మూసేసే కుట్లు: ఈయన పాదంలో ఇవన్నీ ఒకేచోట చేరాయి. ఇనుముకు పట్టిన తుప్పుకి దీనితో సంబంధం లేదు. తుప్పు మేకు లోతుగా దిగుతుంది, మట్టిని మోసుకెళ్తుంది, అందుకే దానికా పేరు. పత్తి మోడు కూడా అదే పని చేస్తుంది.

మొలకెత్తిన క్రిమి గాయం దగ్గరే ఉండిపోతుంది, విషం మాత్రం ప్రయాణం కడుతుంది. గాయం దగ్గరి నరాల చివరల్లోకి ఎక్కుతుంది. మిగతాది రక్తం ద్వారా ఒళ్లంతా పాకి, అక్కడక్కడి నరాల చివరల్లోకి దూరుతుంది. అక్కడినుంచి నరం లోపలే వెనక్కి, వెన్నుపాము వైపు నడుస్తుంది. దవడ, ముఖం నరాలు పొట్టివి కాబట్టి వాటిలోని విషం ముందు గమ్యం చేరుతుంది. గాయం కాల్లో ఉన్నా ముందు దవడ ఎందుకు పట్టింది అనే దానికి జవాబు ఇదే.

వెన్నుపాములో కండరాలను కదిలించే నరకణాలుంటాయి. వాటిని అదుపులో పెట్టే మరో రకం నరకణాలు కూడా ఉంటాయి. మనం మోచెయ్యి ముడిచినప్పుడు వెనకవైపు కండరాన్ని 'నువ్వు వదులు' అని ఆపేది ఈ రెండో రకమే. గ్లైసిన్, గాబా అనే రసాయనాలను వదిలి అవి ఆ పని చేస్తాయి. ధనుర్వాత విషం సరిగ్గా ఈ అదుపు కణాల్లోకి దూరి, రసాయనపు సంచులు తెరుచుకోవడానికి అవసరమైన సినాప్టోబ్రెవిన్ అనే ప్రొటీన్‌ను కోసేస్తుంది. అదుపు పోయాక చిన్న చప్పుడు చాలు, ఎదురెదురు కండరాలు రెండూ ఒకేసారి పూర్తి బలంతో లాగుతాయి. వీపు కండరాలు పొట్ట కండరాల కన్నా బలమైనవి కాబట్టి ఒళ్లు వెనక్కి వంగుతుంది. ఆ బలానికి వెన్నుపూసలు నలిగిన కేసులూ ఉన్నాయి.

నరకణంలోకి దూరిన విషాన్ని ఏ మందూ బయటికి లాగలేదు. నరం చివర మళ్లీ కొత్త కొనలు వేసుకునేదాకా, అంటే కొన్ని వారాలు, రోగిని బతికించి ఉంచడమే చికిత్స. ఇంట్లోవాళ్లకు మొదటిరోజే ఈ సంగతి విప్పి చెప్పకపోతే మూడోరోజుకి గొడవ వస్తుంది. ఎందుకంటే ఖరీదైన ఇంజెక్షన్ చేశాక కూడా మొదటి వారంలో రోగి పరిస్థితి దిగజారుతుంది. అప్పటికే నరాల్లో ప్రయాణిస్తున్న విషం రోజుకొంత వెన్నుపాము చేరుతూనే ఉంటుంది.

మొదటిరోజు చేసిన పనులు, వాటి వరుస

ముందు మానవ టెటనస్ ఇమ్యూనోగ్లోబులిన్, అంటే విషాన్ని పట్టుకునే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలు, 500 యూనిట్లు తొడ కండరంలోకి ఇచ్చాం. ఒకప్పుడు 3000 నుంచి 6000 యూనిట్ల దాకా ఇచ్చేవారు. 500 యూనిట్లతో ఫలితం అంతకంటే తక్కువేమీ ఉండదని తేలాక పెద్ద డోసుల కోసం వెతకడం మానేయవచ్చు. ఇది రక్తంలో, గాయంలో ఇంకా విడిగా తిరుగుతున్న విషాన్ని మాత్రమే పట్టుకుంటుంది. ఇది దొరకనిచోట గుర్రం సీరం వాడతారు. అది కొందరిలో ప్రాణాంతకమైన అలర్జీ తెస్తుంది కాబట్టి ముందు పరీక్ష డోసు వేసి, అడ్రినలిన్ సిరంజి పక్కన పెట్టుకునే ఇవ్వాలి.

గాయం జోలికి ఆ తర్వాతే వెళ్లాం. కెలికినప్పుడు విషం కొంత రక్తంలోకి విడుదలవుతుంది. అప్పటికే ఒంట్లో ప్రతివిషం తిరుగుతూ ఉండటం మేలు. పైకి చూస్తే గాయం దాదాపు మానినట్టే ఉంది. కుట్ల పక్కన కొంచెం ఎరుపు, నొక్కితే నొప్పి, అంతే. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. కనిపించదు కూడా, కట్టెముక్క ఎక్స్‌రేకి అందదు. 'లోపల ఏమీ లేదు' అని ఎక్స్‌రే చూసి రాసేయడం ఈ గాయాల్లో తరచూ జరిగే పొరపాటు. అల్ట్రాసౌండ్ పెడితే దాదాపు రెండు సెంటీమీటర్ల లోతులో ఒక గీత, దాని చుట్టూ కొద్దిగా చీము కనిపించాయి.

మత్తు కింద కుట్లు విప్పి, గాయాన్ని పెద్దది చేసి, సెంటీమీటరున్నర పొడవు పత్తి పుల్లను తీశాం. నల్లబడిన కండను నెత్తురు చిమ్మే ఆరోగ్యకరమైన అంచు వచ్చేదాకా కోసేశాం. తర్వాత ఒక లీటరు సెలైన్‌ను 20 మి.లీ. సిరంజితో, 18 నంబర్ సూది గుండా ఒత్తిడితో లోపలికి చిమ్ముతూ కడిగాం. గాయానికి కుట్లు వేయలేదు. రోజూ కట్టు మారుస్తూ, లోపలినుంచి మానేలా తెరిచే ఉంచాం.

యాంటీబయాటిక్‌గా మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి ఏడురోజులు రక్తనాళంలోకి ఇచ్చాం. పెన్సిలిన్ కూడా ఈ క్రిమిని చంపుతుంది. కానీ గాబా పనికి అడ్డుపడే స్వభావం దానికి ఉంది, విషం దెబ్బతీసేదీ ఆ గాబానే. అందుకే మెట్రోనిడజోల్‌కే మొగ్గు. ఏ యాంటీబయాటిక్ అయినా చేసేది విషం తయారీని ఆపడం వరకే.

బిగింపులకు మిడజోలమ్ గంటకు 5 మి.గ్రా.తో మొదలుపెట్టాం. దానితోపాటు మెగ్నీషియం సల్ఫేట్ కిలోకు 40 మి.గ్రా. లెక్కన, అంటే 2.4 గ్రాములు అరగంటలో ఎక్కించి, ఆపైన గంటకు 2 గ్రాములు నడిపాం. వియత్నాంలో చేసిన ట్రయల్ ఫలితాలు 2006లో వచ్చాయి. మెగ్నీషియం వల్ల వెంటిలేటర్ అవసరం తగ్గలేదు గానీ, మత్తుమందులు, కండరాల మందులు తక్కువ సరిపోయాయి, గుండె వేగం అదుపులో ఉంది. మెగ్నీషియం నడుస్తున్నంతసేపూ మోకాలి కింద సుత్తితో తట్టి చూడాలి. ఆ కుదుపు పోయిందంటే మోతాదు ఎక్కువైనట్టే. అక్కడ ఆపకపోతే తర్వాత పోయేది ఊపిరి. మూత్రం తగ్గితే మెగ్నీషియం ఒంట్లోనే పేరుకుంటుంది కాబట్టి గంటగంటకూ మూత్రం కొలవాలి. మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడుగా ఇవ్వడానికి కాల్షియం గ్లూకోనేట్ మంచం దగ్గరే ఉండాలి.

ఆ రాత్రి రెండింటికి గొంతు బిగుసుకుని ఆక్సిజన్ పడిపోయింది. సిద్ధంగా ఉన్నాం కాబట్టి నిమిషాల్లో గొంతులో ట్యూబు వేయగలిగాం. మర్నాడే ట్రాకియాస్టమీ చేశాం, అంటే మెడ ముందు కోసి ఊపిరిగొట్టంలోకి నేరుగా ట్యూబు పెట్టాం. మామూలుగా ఐసీయూల్లో దానికి వారం పది రోజులు ఆగుతారు. ఇక్కడ ఆగడంలో అర్థం లేదు. వెంటిలేటర్ వారాల తరబడి కావాలని ముందే తెలుసు, పైగా గొంతులోని ట్యూబే ప్రతి కదలికకూ బిగింపు తెప్పిస్తుంది.

చీకటిగది గురించి ఒక మాట. ధనుర్వాతం రోగిని చీకట్లో, తలుపులు మూసి ఒంటరిగా పడుకోబెట్టే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. వెంటిలేటర్లు లేని కాలంలో దానికి కారణం ఉండేది. ఇప్పుడు రోగి ఎప్పుడూ కంటికి కనబడాలి. చప్పుడు తగ్గించాలి, సక్షన్, కట్టు, పక్క మార్చడం లాంటి పనులన్నీ మత్తు బాగా ఉన్న సమయంలో ఒకేసారి చేయాలి, అంతే తప్ప చీకటి చూసి నర్సు పక్కగదికి వెళ్లిపోకూడదు.

రెండోవారం

బిగింపులు అదుపులోకి వచ్చాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అసలు ప్రమాదం అప్పుడే. విషం గుండెను, రక్తనాళాలను నడిపే నరాల అదుపును కూడా తెంపుతుంది. ఆస్పత్రిలో చేరిన ఏడోరోజు నుంచి ఈయన నాడి 150కి, బీపీ 190/110కి ఎగిరింది. గంట తిరక్కుండా అదే బీపీ 80/50కి పడిపోయింది. ఒళ్లంతా చెమటలు. ట్రాకియాస్టమీలోంచి సక్షన్ చేస్తుంటే ఒకసారి గుండె వేగం 40కి దిగింది.

ఇక్కడ తొందరపడి బీపీ మందులతో వెంటపడితే రోగి చేజారుతాడు. ఎగిరిన బీపీకి ఇచ్చిన మందు, అది తనంతట తాను పడిపోయే సమయానికి పనిచేస్తుంది. ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ ఒక్కటే ఇస్తే గుండె హఠాత్తుగా ఆగిపోయిన అనుభవాలు రికార్డయి ఉన్నాయి. మేం మార్ఫిన్ ఇన్‌ఫ్యూషన్ జోడించి, మత్తు లోతు పెంచి, మెగ్నీషియం కొనసాగించాం. తొమ్మిది రోజులు ఇలా ఊగిసలాడి నెమ్మదించింది. కండరాలు అంత బలంగా పనిచేస్తుంటే ఒళ్లు కరిగిపోతుంది కాబట్టి ముక్కు గొట్టం ద్వారా మొదటిరోజు నుంచే ఆహారం పెట్టాం. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చాం. విరిగిన కండరాల పదార్థం కిడ్నీల మీద పడుతుందేమోనని మూత్రం రంగు, క్రియాటినిన్ చూస్తూ వచ్చాం.

పంతొమ్మిదో రోజు నుంచి మందులు తగ్గించగలిగాం. ఇరవైనాలుగో రోజు వెంటిలేటర్ తీశాం. ముప్ఫైనాలుగో రోజు కర్ర పట్టుకుని నడుస్తూ ఇంటికి వెళ్లాడు. వీపు బిగువు ఇంకా కొన్నాళ్లు ఉంటుందని చెప్పే పంపాం.

సూది వేయించినా ఎందుకు వచ్చింది

ఆర్‌ఎంపీ వేసిన సూది విషానికి విరుగుడు కాదు. అందులో ఉన్నది టాక్సాయిడ్, అంటే ఫార్మలిన్‌తో కోరలు తీసేసిన విషం. అది ఒంటికి విషం రూపురేఖలు నేర్పుతుంది. విరుగుడు తయారుచేసుకోవాల్సింది ఒళ్లే. జీవితంలో మొదటిసారి టాక్సాయిడ్ వేయించుకున్న మనిషిలో రక్షణకు సరిపడా ప్రతిరక్షకాలు ఆ ఒక్క డోసుతో దాదాపు రావు. నాలుగు వారాల తర్వాత రెండో డోసు పడ్డాక ఎక్కువమందిలో ఆ స్థాయి దాటుతుంది. ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో మూడోది పడితే కొన్నేళ్లు నిలుస్తుంది. ఈయనకు జబ్బు ఎనిమిదోరోజే మొదలైంది. ఆ సూది పనిచేయలేదనడం తప్పు. పనిచేయడానికి కావాల్సిన సమయం, తోడు డోసులు దానికి దొరకలేదు.

అదే సూది చిన్నప్పుడు మూడు డోసులు పూర్తిచేసుకున్న మనిషికి పడి ఉంటే కథ వేరు. అలాంటివాళ్ల ఒంట్లో విషాన్ని గుర్తుపట్టే కణాలు అప్పటికే ఉంటాయి. బూస్టర్ పడ్డ వారంలోపే ప్రతిరక్షకాలు ఒక్కసారిగా లేస్తాయి. గాయమయ్యాక వేసే టీటీ మీద జనంలో ఉన్న నమ్మకమంతా ఇలాంటివాళ్లను చూసే ఏర్పడింది. డోసులే తెలియని మనిషికి అదే సూది వేసి ఇంటికి పంపడంలో ఆ నమ్మకం మోసం చేస్తుంది.

మరి ఈయనకు చిన్నప్పటి డోసులు ఎందుకు లేవు? దేశంలో పిల్లల టీకా కార్యక్రమం 1978లో మొదలై, 1985 తర్వాత పల్లెలకు విస్తరించింది. ఈయన పుట్టింది అంతకుముందు. భార్యకు మాత్రం గర్భిణిగా ఉన్నప్పుడల్లా టీటీ వేశారు. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని 2015లో దేశం అదుపులోకి తేగలిగిందంటే ఆ సూదుల పాత్ర పెద్దది. ఆ లెక్కన అదే ఇంట్లో ఆడవాళ్లకు రక్షణ ఉండి, నడివయసు దాటిన మగవాళ్లకు లేకపోవడం మామూలే. 'ఎప్పుడో వేయించుకున్నాను' అన్న మాటను లెక్కలోకి తీసుకోకూడదు. కార్డు గానీ గట్టి ఆధారం గానీ లేకపోతే డోసులు లేనట్టే భావించాలి.

గాయం వచ్చినప్పుడు అడగాల్సినవి రెండే. ఇప్పటిదాకా మూడు డోసులు పూర్తయ్యాయా? చివరిది పడి ఎన్నేళ్లైంది? మూడు పూర్తయి, గాయం శుభ్రమైన చిన్న కోత అయితే, చివరి డోసు పడి పదేళ్లు దాటితేనే బూస్టర్. మట్టి, పేడ తగిలినా, లోతుగా గుచ్చుకున్నా, కండ నలిగినా, కాలినా ఆ గడువు ఐదేళ్లు. మూడు పూర్తికానివాళ్లకూ, తెలియనివాళ్లకూ చిన్న శుభ్రమైన గాయమైతే టీకా మొదలుపెట్టి మిగతా డోసులు పూర్తిచేస్తే చాలు. మురికి గాయమైతే టీకాతోపాటు ఇమ్యూనోగ్లోబులిన్ 250 యూనిట్లు, వేరే సిరంజితో, వేరే చోట ఇవ్వాలి. ఒళ్లు సొంతంగా తయారుచేసుకునేదాకా ఆ అరువు ప్రతిరక్షకాలు కాపలా కాస్తాయి. సుమారు నాలుగు వారాలకు అవి సగానికి తగ్గుతాయి. ఈ రైతుకు మొదటిరోజు అందకుండా పోయింది ఈ 250 యూనిట్లే. అది ప్రతి ఊళ్లో దొరకదు, ఖరీదూ ఎక్కువే. అయినా ఇలాంటి గాయాన్ని అది దొరికే ఆస్పత్రికి ఆ రోజే పంపడం ఆర్‌ఎంపీ చేయగలిగిన అతిముఖ్యమైన పని.

గాయం మీద పసుపు, సున్నం, కాఫీ పొడి అద్దడం వల్ల బీజాలు చావవు. మురికి ఇంకా చేరుతుంది, గాయం లోతు కనబడకుండా పోతుంది. ధారగా పారే నీళ్లు, సబ్బు వీటన్నిటికన్నా మేలు. గుచ్చుకున్న గాయాన్ని మొదటిరోజే కుట్టకూడదు. నెత్తురు ఒత్తితే ఆగుతుంది. కుట్టాల్సినంత పెద్దదైతే, కడిగి తెరిచి ఉంచి, మూడు నుంచి ఐదు రోజుల తర్వాత శుభ్రంగా ఉంటే అప్పుడు కుట్టవచ్చు.

బూస్టర్లు జీవితాంతం ఎందుకు

మశూచి, తట్టు లాంటివి ఒకసారి వచ్చిపోతే మళ్లీ రావు. ధనుర్వాతం వచ్చి తగ్గినవాడికి మళ్లీ రావచ్చు. మనిషిని చంపడానికి కిలో బరువుకు రెండున్నర నానోగ్రాముల విషం సరిపోతుందని అంచనా. అరవై కిలోల మనిషికి కావాల్సింది ఒక ఉప్పు రవ్వ బరువులో కొన్ని వందల వంతుల్లో ఒకటి. అంత కొంచెం విషాన్ని చూసి ఒళ్లు ప్రతిరక్షకాలు నేర్చుకోలేదు, నేర్చుకునేలోపు విషం నరాల్లో దాక్కుంటుంది. అందుకే ఈ రోగికి చేరిన రోజే, టీటీ బదులు ఇప్పుడు వాడే టీడీ టీకా మొదటి డోసు 0.5 మి.లీ. ఎడమ భుజానికి వేశాం. వచ్చిన జబ్బు వల్ల రక్షణ వస్తుందనుకుని టీకా మర్చిపోవడం ఆస్పత్రుల్లో కూడా జరుగుతుంది.

చుట్టూ ఉన్న అందరూ టీకా వేయించుకున్నా పక్కవాడికి రక్షణ రాదన్నది రెండో సంగతి. ఇది మనిషి నుంచి మనిషికి అంటే జబ్బు కాదు. బీజాలు మట్టిలో ఎప్పటికీ ఉంటాయి. ఎవరి ప్రతిరక్షకాలు వాళ్ల ఒంట్లో ఉండాల్సిందే. ఆ ప్రతిరక్షకాలేమో ఏటేటా తగ్గుతూ పోతాయి. గుర్తుపట్టే కణాలు మిగిలి ఉన్నా, అవి లేచి పనిలో పడటానికి కొన్ని రోజులు పడుతుంది. మూడు నాలుగు రోజుల్లోనే జబ్బు తెచ్చే గాయానికి ఆ రోజులు చాలా ఎక్కువ. రక్తంలో విరుగుడు ముందే తిరుగుతూ ఉంటేనే విషాన్ని నరం చేరకముందు పట్టుకోగలదు.

మన జాతీయ షెడ్యూల్లో 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, 16 నుంచి 24 నెలల మధ్య ఒక డీపీటీ, 5 నుంచి 6 ఏళ్లకు మరొకటి, 10, 16 ఏళ్లకు టీడీ ఉన్నాయి. గర్భిణులకు విడిగా ఉంటుంది. 2019 నుంచి టీటీ స్థానంలో టీడీ వచ్చింది. పెద్దయ్యాక కంఠసర్పి రక్షణ కూడా తగ్గుతుంది కాబట్టి రెండూ ఒకే సూదిలో కలిపారు. జనం నోట్లో మాత్రం అది ఇంకా టీటీనే. పదహారేళ్ల డోసు తర్వాత షెడ్యూల్ ఎవరినీ పిలవదు. పదేళ్లకోసారి బూస్టర్ అన్న లెక్క ఎవరికి వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిందే. పొలంలో, పశువుల దగ్గర, కట్టడాల మీద పనిచేసేవాళ్లకు గాయం కోసం ఎదురుచూడకుండా ముందే వేయడం మేలు.

దీనికి ఎదురు అలవాటు కూడా ఉంది. ప్రతి చిన్న గీతకూ ఆరు నెలలకోసారి టీటీ పొడిపించుకునేవాళ్లున్నారు. రక్తంలో ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉన్నప్పుడు మళ్లీ టాక్సాయిడ్ పడితే కొందరిలో కొన్ని గంటల్లో భుజం నుంచి మోచెయ్యి దాకా వాచి, ఎర్రబడి, మండుతుంది. అలా ఒకసారి వచ్చినవాళ్లకు పదేళ్ల దాకా, మురికి గాయమైనా సరే, టీకా వేయకూడదు. అందుకే తేదీ రాసి ఉన్న చీటీ, లేదా దాని ఫొటో ఫోన్‌లో ఉండటం రెండువైపులా పనికొస్తుంది.

సీసా విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తే అందులోని అల్యూమినియం లవణం రేణువులు ముద్దకట్టి టీకా పాడవుతుంది. అనుమానం వస్తే సీసాను ఊపి నిలబెట్టి చూస్తారు. గడ్డకట్టి కరిగిన సీసాలో మడ్డి తొందరగా అడుగుకు దిగుతుంది. అలాంటిది పారేయాల్సిందే.

ఈ రోగికి రెండో టీడీ డోసు డిశ్చార్జికి ముందు, మొదటిది పడ్డ నాలుగు వారాలు నిండాక వేశాం. మూడోది ఆరు నెలలకు. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లకు ఆపైన ఏడాదికి తక్కువ కాకుండా ఎడంతో మరో రెండు బూస్టర్లు కావాలి, మొత్తం ఐదు. ఆర్‌ఎంపీ వేసిన డోసుకు చీటీ లేదు కాబట్టి లెక్కలో వేసుకోలేదు. మూడోదానికి చెప్పిన తేదీకి రాలేకపోతే, ఏడాది ఆలస్యమైనా సరే, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోటు నుంచే కొనసాగించాలని డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాం.